చెక్క పెట్టె దూలంలో మేకుల మధ్య ఎంత దూరం ఉండాలి?

నాలుగు పలకలను పెట్టెలా కలిపి మేకులు కొట్టిన దూలం ఒకటి చూడమని ఒకసారి ఒకరు పిలిచారు. అటకను మోస్తున్న దూలం అది. మధ్యలో 30 మి.మీ. దాకా కిందికి వంగింది కానీ పలక ఎక్కడా విరగలేదు, చీలలేదు. గోడ దగ్గరికి వెళ్లి దూలం చివర చూస్తే సంగతి అర్థమైంది. పై పలక చివర పక్క పలకల చివర కంటే రెండు మి.మీ. మేర బయటికి పొడుచుకొచ్చింది. పలకలన్నీ కోసినప్పుడు సమంగా కోసినవే. అంటే లోపల పలక మీద పలక జారింది. మేకులు జానెడుకు ఒకటి చొప్పున కొట్టారు. చెక్క మంచిదే, దూలం లోతూ సరిపోయేదే. చాలనివి మేకులు మాత్రమే.

ఆ జానెడు అన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మేస్త్రి గారు, "ఎప్పుడూ అంతే కొడతాం సార్, దగ్గరగా కొడితే చెక్క చీలుతుంది కదా" అన్నారు. ఆయన భయం నిజమైనదే, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు అసలు ఎంత దూరం కావాలో లెక్క కట్టడం నేర్చుకుందాం. కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

జారడం ఎందుకు?

రెండు పలకలను ఒకదాని మీద ఒకటి ఊరికే పెట్టి, రెండు చివరలా ఆనించి, మధ్యలో నొక్కి చూడండి. పై పలక చివరలు కింది పలకను దాటి కొంచెం బయటికి వస్తాయి. పై పలక అడుగు భాగం సాగుతోంది, కింది పలక నెత్తి భాగం కుంచించుకుపోతోంది. రెండూ ఒకే చోట తాకుతున్నా ఒకటి పొడవు పెరుగుతోంది, ఇంకోటి తగ్గుతోంది. ఆ రెండిటినీ కలిపి పట్టి ఉంచడమే మేకు పని. పొడవులో ప్రతి మిల్లీమీటరుకూ ఆ పట్టు ఎన్ని న్యూటన్లు కావాలో చెప్పేదే షియర్ ఫ్లో. దాన్ని q అని రాస్తారు.

ఈ సంగతిని మొదట లెక్కలోకి తెచ్చినవాడు రష్యా రైల్వే ఇంజనీరు జురావ్‌స్కీ. 1840లలో సెయింట్ పీటర్స్‌బర్గ్–మాస్కో రైలు మార్గానికి చెక్క వంతెనలు కడుతున్నప్పుడు ఆయనకి ఈ ప్రశ్న ఎదురైంది. ఇవాళ ఉక్కు గర్డర్లకు వాడే సూత్రం కూడా ఇదే. పుట్టింది మాత్రం చెక్క దగ్గర.

```
q = V × Q / I
s = n × F / q
```

ఇందులో V అంటే ఆ చోట దూలంలో ఉన్న షియర్ ఫోర్స్, అంటే బరువు దూలాన్ని అక్కడ నిలువుగా తెంచాలని చూసే బలం. I అంటే మొత్తం పెట్టె కోతకి ఉన్న మొమెంట్ ఆఫ్ ఇనర్షియా, అంటే పెట్టెని అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం వంపుని ఎంత ఎదిరిస్తుందో చెప్పే అంకె. F ఒక మేకు మోయగల అడ్డు బరువు. n అంటే ఆ ముక్కను పట్టుకున్న మేకు వరుసలు. s మనకి కావలసిన దూరం. మిగిలింది Q. తప్పులన్నీ జరిగేది ఈ ఒక్క అక్షరం దగ్గరే, అందుకే దాని మీద ఎక్కువసేపు ఉందాం.

మొదట బొమ్మ గీయండి: ఏ పలక ఏ పలకని పట్టుకుంది?

మన ఉదాహరణ దూలం వెలుపలి కొలతలు 150 మి.మీ. వెడల్పు, 250 మి.మీ. లోతు. పలకలన్నీ 30 మి.మీ. మందం. కాబట్టి లోపలి ఖాళీ 90 × 190. దీన్ని రెండు రకాలుగా కట్టవచ్చు.

మొదటి రకంలో పై పలక, కింది పలక పూర్తి 150 మి.మీ. వెడల్పు ఉంటాయి. పక్క పలకలు 190 మి.మీ. లోతుతో వాటి మధ్యలో నిలబడతాయి. మేకులు పై నుంచి కిందికి, పక్క పలక అంచులోకి దిగుతాయి.

రెండో రకంలో పక్క పలకలు పూర్తి 250 మి.మీ. లోతు ఉంటాయి. పై పలక, కింది పలక 90 మి.మీ. వెడల్పుతో వాటి మధ్య ఇరుక్కుంటాయి. మేకులు పక్క నుంచి అడ్డంగా దిగుతాయి.

బయటి నుంచి చూస్తే రెండూ ఒకే పెట్టె. బలమూ ఒకటే, వంగేదీ దాదాపు ఒకటే. మేకుల లెక్క మాత్రం ఒకటి కాదు. ఎందుకో ఈ ప్రశ్న వేసుకుంటే తెలుస్తుంది: ఈ మేకులన్నీ పీకేస్తే పెట్టె నుంచి ఏ ముక్క ఊడి వస్తుంది? ఆ ముక్క వైశాల్యాన్ని, పెట్టె నడుమ గీత నుంచి ఆ ముక్క మధ్యకు ఉన్న దూరంతో గుణిస్తే వచ్చేదే Q. మొదటి రకంలో ఊడేది 150 × 30 పలక. రెండో రకంలో ఊడేది 90 × 30 పలక. పక్క పలకల పై చివరలు రెండో రకంలో ఎక్కడికీ ఊడవు, అవి పక్క పలకల్లో భాగం. అందుకని వాటిని Qలో కలపకూడదు.

బరువు, షియర్

దూలం గోడ నుంచి గోడకి 4 మీటర్లు. అటక బరువు, దాని మీద పెట్టే సామాను, దూలం సొంత బరువు అన్నీ కలిపి మీటరుకు 3 కిలోన్యూటన్లు అనుకుందాం. అంటే దాదాపు 300 కిలోలు. బరువు సమంగా పరచుకుంది కాబట్టి గోడ దగ్గర V = 3 × 4 / 2 = 6 కిలోన్యూటన్లు, అంటే 6000 న్యూటన్లు. మధ్యకు వచ్చేసరికి అది సున్నా. దూలాన్ని వంచే ప్రభావాన్ని బెండింగ్ మొమెంట్ అంటారు; మధ్యలో అది 3 × 4 × 4 / 8 = 6 కిలోన్యూటన్ మీటర్లు.

I, Q కట్టడం

పెట్టెకి I సులువు. నిండు దిమ్మెది తీసుకుని ఖాళీది తీసేయాలి.

```
I = 150×250³/12 − 90×190³/12
  = 19,53,12,500 − 5,14,42,500
  = 14,38,70,000 mm⁴
```

ఇక్కడ ఒక జాగ్రత్త. I ఎప్పుడూ మొత్తం పెట్టెదే. ఊడిపోయే ముక్కకి విడిగా I కట్టి సూత్రంలో వేసే వాళ్లని చూశాను. ముక్కది Q, మొత్తానిది I. ఇది గుర్తుంటే చాలు.

నడుమ గీత నుంచి పై పలక మధ్యకు దూరం 125 − 15 = 110 మి.మీ. రెండు రకాల్లోనూ ఇదే.

```
మొదటి రకం: Q = 150×30×110 = 4,95,000 mm³
రెండో రకం: Q =  90×30×110 = 2,97,000 mm³
```

దూరం

3.55 మి.మీ. మందం, 80 మి.మీ. పొడవు ఉన్న మేకు ఒక్కోటి 500 న్యూటన్లు మోస్తుందని ఇక్కడ అనుకుంటున్నాను. ఇది ఉదాహరణ కోసం పెట్టుకున్న అంకె. మీ చెక్క జాతి, తడి, బరువు ఎంతకాలం ఉంటుంది అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. మన దేశంలో మేకు కీళ్లకి ఐ.ఎస్. 2366, చెక్క కట్టడాలకి ఐ.ఎస్. 883 ఉన్నాయి. వాటిలో మీ చెక్కకు ఉన్న అంకె వేసుకోండి. కొట్టులో మూడంగుళాల మేకు అని అడిగితే ఏదో ఒకటి ఇస్తారు. మందం కొలిచి తీసుకోండి, ఎందుకంటే బలం పొడవు కంటే ముందు మందాన్ని బట్టే ఉంటుంది.

పై పలకకి రెండు వైపులా చెరో వరుస ఉంటుంది. కాబట్టి n = 2. గోడ దగ్గర:

```
మొదటి రకం: q = 6000×495000/143870000 = 20.6 N/mm
           s = 2×500/20.6 = 48 mm
రెండో రకం: q = 6000×297000/143870000 = 12.4 N/mm
           s = 2×500/12.4 = 80 mm
```

48ని 45కి దించుదాం. దూరాన్ని ఎప్పుడూ కిందికే సవరించాలి. దూలం పొడవునా ఇదే దూరంతో కొడితే ఒక వరుసకి మొదటి రకంలో 90 మేకులు, రెండో రకంలో 51. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు వరుసలు. అంటే 360 మేకులు ఒక చోట, 204 ఇంకో చోట. అదే చెక్క, అదే పెట్టె, అదే బరువు. పలకల్ని ఎలా అమర్చామన్న ఒక్క మాటకే ఇంత తేడా. పలకలు కోయక ముందే ఈ బొమ్మ గీయమని నేను పట్టుబట్టేది అందుకే. నన్ను అడిగితే రెండో రకమే కట్టమంటాను.

సూత్రం మీద నమ్మకం కుదరకపోతే దాన్ని పక్కన పెట్టి ఇలా చూడండి. రెండో రకం దూలంలో గోడ నుంచి 100 మి.మీ. దూరంలో మొమెంట్ 0.585 కిలోన్యూటన్ మీటర్లు. ఆ చోట పై పలకలో ఉన్న నొక్కుడు మొమెంటును Qతో గుణించి Iతో భాగిస్తే వస్తుంది: సుమారు 1208 న్యూటన్లు. గోడ దగ్గర పలక చివరలో నొక్కుడు సున్నా. మరి 100 మి.మీ. లోపల ఈ 1208 న్యూటన్లు పలకలోకి ఎలా వచ్చాయి? దాన్ని తాకి ఉన్నవి మేకులే, ఇంకో దారి లేదు. 1208ని 500తో భాగిస్తే 2.4. ఆ 100 మి.మీ.లో రెండు వైపులా కలిపి రెండున్నర మేకులు కావాలి. 80 మి.మీ.కి ఒక జత అంటే సరిగ్గా అంతే.

ఇప్పుడు జానెడు సంగతి చూద్దాం. జానెడంటే 225 మి.మీ. అనుకుందాం. ఇదే దూలాన్ని రెండో రకంలో కట్టి జానెడుకు ఒకటి కొడితే గోడ దగ్గర ఒక్కో మేకు మీద 12.4 × 225 / 2, అంటే దాదాపు 1400 న్యూటన్లు పడతాయి. మోయగలిగేది 500. మేకు వెంటనే తెగిపోదు. అది వంగుతుంది, చెక్కలో దాని రంధ్రం కోలగా సాగుతుంది, పలక జారుతుంది. జారిన కొద్దీ నాలుగు పలకలు ఒకే పెట్టెగా కాకుండా ఎవరి పని వాళ్లు చేసుకునే పలకలవుతాయి. నేను చూసిన అటక దూలం వంగింది అలాగే.

పొడవునా ఒకే దూరం అక్కర్లేదు

షియర్ గోడ దగ్గర ఎక్కువ, మధ్యలో సున్నా అన్నాను కదా. గోడ నుంచి ఒక మీటరు దూరంలో V 3 కిలోన్యూటన్లే. అక్కడ కావలసిన దూరం 160 మి.మీ. కాబట్టి రెండు చివరలా మొదటి మీటరు 80 మి.మీ., మధ్యలోని రెండు మీటర్లు 150 మి.మీ. పెట్టుకోవచ్చు. మధ్యలో సున్నా కదా అని 300, 400 వదలకండి. పలకలు ఎండే కొద్దీ మెలిక తిరుగుతాయి, అంత దూరం వదిలితే కీలు నోరు తెరుస్తుంది. పైగా ఎవరైనా మధ్యలో బియ్యం బస్తాలు దించితే అక్కడా షియర్ వస్తుంది. 150 దాటకుండా ఉంచడం నా అలవాటు.

అంతా అయ్యాక ఒక సరిచూపు. దూలం మధ్యలో పై పలకలో మొత్తం నొక్కుడు 6 కిలోన్యూటన్ మీటర్లకి దాదాపు 12,400 న్యూటన్లు. అదంతా గోడ నుంచి మధ్య వరకు ఉన్న మేకులే తెచ్చి ఇవ్వాలి. 12,400ని 500తో భాగిస్తే 25 మేకులు. మన అమరికలో సగం పొడవులో ఒక వరుసకి దాదాపు 20, రెండు వరుసలకి 40 ఉన్నాయి. సరిపోయింది. ఈ లెక్కలో 25 కంటే తక్కువ వస్తే పైన ఎక్కడో తప్పు జరిగినట్టే. ఎక్కువ సార్లు ఆ తప్పు వరుసల్ని రెండుసార్లు లెక్కించడం: n = 2 వేసి, మళ్లీ qని కూడా సగం చేయడం.

ఇంకో తప్పు దీనికి ఎదురుగా ఉంటుంది. పుస్తకంలో గరిష్ఠ షియర్ స్ట్రెస్‌కి Q కట్టేటప్పుడు నడుమ గీతకి పైన ఉన్నదంతా, పక్క పలకల పై సగాలతో సహా తీసుకుంటారు. మన రెండో రకం దూలానికి అది 7,65,750. పక్క పలకల చెక్క తెగుతుందా అని చూడటానికి ఆ అంకె సరైనదే, స్ట్రెస్ చదరపు మి.మీ.కి 0.53 న్యూటన్లు వస్తుంది. కానీ దాన్నే మేకులకి వాడితే దూరం 31 మి.మీ. వస్తుంది. ఎక్కువ మేకులు కదా, మంచిదే అనుకుంటారు. కాదు. ముందు రంధ్రం వేయకుండా అంత దగ్గరగా కొడితే మేస్త్రి గారు భయపడ్డట్టే చెక్క చీలుతుంది.

చీలకుండా కొట్టడం

మన మేకు దిగేది 30 మి.మీ. మందం ఉన్న పలక అంచులోకి. సరిగ్గా మధ్యలో కొట్టినా రెండు వైపులా 15 మి.మీ. చెక్కే ఉంటుంది, మేకు మందానికి నాలుగింతలు. ఐరోపా చెక్క కోడ్ ముందు రంధ్రం వేయకుండా కొట్టే మేకుకి అంచు నుంచి కనీసం ఐదింతలు అడుగుతుంది, బరువైన చెక్కకి ఏడింతలు. రంధ్రం వేస్తే మూడింతలు చాలు. మేకుకీ మేకుకీ మధ్య ఒకే నార వెంట రంధ్రం లేకుండా కనీసం పదింతలు, అంటే 36 మి.మీ. కావాలి; రంధ్రం వేస్తే ఐదింతలు చాలు. కాబట్టి ఈ దూలానికి ముందు రంధ్రం వేయక తప్పదు. రంధ్రం మేకు మందంలో 0.8 వంతు దాటకూడదు. 3.55కి అది 2.84, కాబట్టి 2.8 మి.మీ. డ్రిల్ బిట్ వాడండి. టేకు, మద్ది లాంటి గట్టి చెక్కలో రంధ్రం లేకుండా కొడితే చాలాసార్లు మేకే వంగిపోతుంది.

రెండో రకంలో ఇంకొక చిక్కు ఉంది. బొమ్మ మీద కనిపించదు, సుత్తి పట్టాకే తెలుస్తుంది. 80 మి.మీ. మేకు 30 మి.మీ. పక్క పలకని దాటి 50 మి.మీ. లోపలికి వెళ్తుంది. అవతలి వైపు మేకూ అంతే. లోపలి పలక వెడల్పు 90. యాభై, యాభై కలిపితే వంద. ఎదురెదురుగా కొడితే మొనలు మధ్యలో గుద్దుకుంటాయి. రెండో మేకు పక్కకి తిరిగి పలకని చీలుస్తుంది, లేదా పై నుంచి మొన బయటికి వస్తుంది. అందుకే ఒక వైపు గుర్తులు 0, 80, 160 దగ్గర పెడితే రెండో వైపు 40, 120, 200 దగ్గర పెట్టండి. లెక్క మారదు, మేకులు తాకవు. పలక చివర నుంచి మొదటి మేకు 40, 50 మి.మీ. లోపల ఉంటే చివర చీలదు. మొదటి వైపు గుర్తులు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టి కొలవండి.

ఈ లెక్క ఎక్కడ ఆగుతుంది?

సూత్రం పలకలు కొంచెం కూడా జారవని అనుకుంటుంది. మేకు కీలు మాత్రం ఎంతో కొంత జారుతుంది. అందువల్ల దూలం నిజంగా వంగేది లెక్కలో వచ్చే దానికంటే ఎక్కువ ఉంటుంది. మన దూలానికి జారుడు లేకుండా కడితే 7 మి.మీ. దాకా వస్తుంది, దాన్ని అక్షరాలా నమ్మకండి. లెక్కలో వంగుడు హద్దు దగ్గర్లో ఉంటే దూలం లోతు పెంచండి.

జిగురు కూడా వేస్తున్నాం కదా అని మేకుల బలం, జిగురు బలం కలపకండి. జిగురు బిర్రుగా ఉంటుంది, మేకు మెత్తగా ఉంటుంది. జిగురు పట్టు ఉన్నంతసేపు మేకు దాదాపు ఏమీ మోయదు. జిగురు విడిన క్షణం అంతా మేకు మీదే పడుతుంది. ఏదో ఒక్కటే మొత్తం మోస్తుందని లెక్క వేయండి.

4 మీటర్ల పలక దొరక్క పై పలకని లేదా కింది పలకని రెండు ముక్కలతో అతికితే, ఆ అతుకు దగ్గర షియర్ ఫ్లో లెక్క పనికిరాదు. అక్కడ పలకలో ఉన్న మొత్తం లాగుడునో నొక్కుడునో అతుకు పట్టీ మోయాలి. మధ్యలో అయితే అది మనం కట్టిన 12,400 న్యూటన్లు. కింది పలకలో, అదీ మధ్యలో అతుకు ఎప్పుడూ పెట్టకండి.

పెన్సిల్ గీత

దూలం ఎక్కించే ముందు రెండు చివరలా, పక్క పలక మీద నుంచి పై పలక మీదికి కీలుకి అడ్డంగా ఒక సన్నని పెన్సిల్ గీత గీయండి. రెండో రకంలో ఆ గీత పెట్టె పై ముఖం మీద వస్తుంది, కాబట్టి అటక పలకలు కప్పని చోట గీయండి. కింది కీలుకీ అలాగే గీయండి. జారుడు చివరల్లోనే ఎక్కువ ఉంటుంది, కాబట్టి చూడవలసిన చోటు అదే. అటక మీద సామాను ఎక్కించాక ఒక వారానికి, తర్వాత ఒక వానాకాలం దాటాక ఆ గీత చూడండి. గీత ఒకటే గీతగా ఉంటే మేకులు పట్టి ఉన్నట్టు. పై పలక మీది ముక్క గోడ వైపుకి, కింది పలక మీది ముక్క దూలం మధ్య వైపుకి మి.మీ. మేర జరిగి ఉంటే సామాను దించేసి, ఉన్న మేకుల మధ్య రంధ్రాలు వేసి కొత్తవి కొట్టాలి. కొట్టే ముందు దూలాన్ని కింద నుంచి జాకీతో పైకెత్తి గీతని మళ్లీ కలపాలి. జారిన పలకకి జారిన చోటే మేకులు కొడితే ఆ వంపు అక్కడే స్థిరపడిపోతుంది. నేను చూసిన దూలానికి అదే చేశాం: సామాను దించి, జాకీ పెట్టి, గోడల వైపు మీటరు చొప్పున మేకులు చిక్కగా వేశాం. ఆ తర్వాత గీసిన గీత ఇప్పటికీ కదల్లేదు.